మౌస్ సెన్సిటివిటీ, డీపీఐ: వాలరెంట్, సీఎస్2 ఆడేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

షూటర్ గేముల్లో ఎయిమ్ గురించి మాట్లాడితే ఎక్కువమంది ముందు అడిగేది "నీ డీపీఐ ఎంత?" అనే. ఆ అంకె ఒక్కటే తెలిస్తే ఏమీ తెలిసినట్టు కాదు. పూర్తిగా ఒక చుట్టు తిరగడానికి మీ మౌస్ మ్యాట్ మీద ఎన్ని సెంటీమీటర్లు జరగాలో అదే అసలు లెక్క. అది తెలిస్తే మిగతావన్నీ దాని నుంచే వస్తాయి. కింద రాసినవన్నీ వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 గురించి, ఎందుకంటే ఈ రెండిట్లో లెక్కలు పక్కాగా తెలుసు.

డీపీఐ, సెన్సిటివిటీ రెండూ ఒకటేనా?

కాదు. మౌస్‌ని ఒక అంగుళం జరిపితే అది కంప్యూటర్‌కి ఎన్ని కౌంట్లు పంపుతుందో అది డీపీఐ. 800 డీపీఐ అంటే అంగుళానికి 800 కౌంట్లు. ఇది మౌస్‌కి సంబంధించిన విషయం, గేమ్‌కి దీనితో పని లేదు, గేమ్‌కి చేరేది కౌంట్లు మాత్రమే.

ఒక్కో కౌంట్‌కి మీ క్యారెక్టర్ ఎంత తిరగాలో చెప్పేది గేమ్‌లోని సెన్సిటివిటీ. వాలరెంట్‌లో సెన్సిటివిటీ 1 పెడితే ఒక్క కౌంట్‌కి 0.07 డిగ్రీలు తిరుగుతుంది. సీఎస్2లో అదే 1 పెడితే 0.022 డిగ్రీలు. అందుకే ఒక గేమ్‌లోని అంకెని ఇంకో గేమ్‌లో యథాతథంగా పెడితే చేతికి అస్సలు సంబంధం లేనట్టు అనిపిస్తుంది.

మరి ఈడీపీఐ, "సెం.మీ./360" అంటే?

డీపీఐని సెన్సిటివిటీతో గుణిస్తే వచ్చేది ఈడీపీఐ. 800 డీపీఐ, 0.4 సెన్సిటివిటీ అయితే 320. ఒకే గేమ్ ఆడే ఇద్దరి సెట్టింగ్స్ పోల్చడానికి ఇది చాలు. గేమ్ మారితే మాత్రం పనికిరాదు.

సెం.మీ./360 అంటే 360 డిగ్రీలు, అంటే ఒక పూర్తి చుట్టు తిరగడానికి మౌస్ జరగాల్సిన దూరం. ఇది ఏ గేమ్‌లోనైనా, ఏ మౌస్‌తోనైనా ఒకే అర్థం ఇస్తుంది. లెక్క ఇలా:

```
వాలరెంట్ : 13063 / (డీపీఐ × సెన్సిటివిటీ) = సెం.మీ./360
సీఎస్2    : 41564 / (డీపీఐ × సెన్సిటివిటీ) = సెం.మీ./360
```

ఇంకేం చేసే ముందైనా ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి మీ ఇప్పటి దూరం ఎంతో కట్టుకోండి. చాలామంది నెలల తరబడి సెన్సిటివిటీ అటూ ఇటూ మారుస్తుంటారు కానీ, ఎక్కడి నుంచి ఎక్కడికి మార్చారో వాళ్లకే తెలియదు.

1600 డీపీఐ, వాలరెంట్‌లో 0.6. ఎక్కువంటారా?

మా తమ్ముడి సెట్టింగ్ సరిగ్గా ఇదే, కాబట్టి వాడి కేసే పూర్తిగా చూద్దాం. 1600ని 0.6తో గుణిస్తే 960. 13063ని 960తో భాగిస్తే 13.6 సెం.మీ. అంటే వెనక్కి తిరగడానికి మౌస్ ఏడు సెంటీమీటర్లు కూడా జరగక్కర్లేదు. వాడు ఆడుతుంటే పక్కన కూర్చుని చూస్తే సమస్య కళ్లకి కనపడుతుంది: క్రాస్‌హెయిర్ తల దగ్గరికి వేగంగా వెళ్తుంది, దాటిపోతుంది, వెనక్కి వస్తుంది, మళ్లీ కొంచెం దాటుతుంది, ఈలోపు అవతలివాడు కాల్చేస్తాడు.

ఎందుకలా అవుతుందో అంకెల్లో చూస్తే అర్థమైపోతుంది. ఈ సెట్టింగ్‌లో చెయ్యి ఒక్క మిల్లీమీటర్ జరిగితే వ్యూ 2.6 డిగ్రీలు తిరుగుతుంది. ఇరవై మీటర్ల దూరంలో ఇరవై సెంటీమీటర్ల వెడల్పున్న తల మీ కంటికి సుమారు 0.57 డిగ్రీలు. అంటే ఆ తల మొత్తం మ్యాట్ మీద పావు మిల్లీమీటర్ లోపే సర్దుకుపోవాలి. రిలాక్స్‌డ్‌గా ఉన్నప్పుడు అప్పుడప్పుడు తగులుతుంది, రౌండ్ చివర్లో ఒక్కరే మిగిలి టెన్షన్‌లో ఉన్నప్పుడు తగలదు.

ఇక్కడ ఇంకో విషయం ఉంది. వాడు ఇంత ఎక్కువ సెన్సిటివిటీకి అలవాటు పడటానికి కారణం మ్యాటే. వాడిది పాతిక సెంటీమీటర్ల చిన్న మ్యాట్. మౌస్ వెడల్పు ఆరు సెంటీమీటర్లు తీసేస్తే, మధ్యలోంచి ఒక పక్కకి తొమ్మిదిన్నర సెంటీమీటర్లే మిగులుతుంది. ఆ చోటులో తక్కువ సెన్సిటివిటీ పెట్టి వెనక్కి తిరగాలంటే మౌస్ మ్యాట్ దిగి టేబుల్ మీదికి వెళ్లాల్సిందే. అందుకే ముందు 45 సెం.మీ. వెడల్పున్న క్లాత్ మ్యాట్ కొన్నాం, ఆ తర్వాతే సెన్సిటివిటీ జోలికి వెళ్లాం.

నాకు సరిపడే సెన్సిటివిటీ ఎలా తెలుసుకోవాలి?

నేను నమ్మే పద్ధతి ఒకటే. మౌస్‌ని మ్యాట్ మధ్యలో పెట్టి, ఎత్తకుండా, ఒకే ఊపులో మ్యాట్ అంచు వరకు జరిపితే 180 డిగ్రీలు తిరగాలి. వెనక నుంచి ఎవరైనా కాలిస్తే ఒక్క కదలికలో వాళ్ల వైపు తిరగగలగాలి, అంతకంటే ఎక్కువ వేగం ఈ గేముల్లో అవసరం పడదు.

తమ్ముడి కొత్త మ్యాట్‌కి లెక్క కడితే: 45లోంచి మౌస్ వెడల్పు 6 తీసేస్తే 39, అందులో సగం 19.5. సగం చుట్టుకి 19.5 అంటే పూర్తి చుట్టుకి 39 సెం.మీ. 13063ని 39తో భాగిస్తే ఈడీపీఐ 335. మౌస్‌ని 800 డీపీఐలో పెడితే సెన్సిటివిటీ 0.42. ఇప్పుడు ఒక మిల్లీమీటర్‌కి 0.93 డిగ్రీలే తిరుగుతుంది, ఇందాకటి తలకి మ్యాట్ మీద 0.6 మిల్లీమీటర్ చోటు దొరికింది.

అయితే 13.6 నుంచి 39కి ఒక్క రోజులో దూకొద్దు. అలా దూకినవాళ్లు మూడు మ్యాచ్‌లు ఆడి, చెయ్యి బండరాయిలా ఉందని పాత సెట్టింగ్‌కే వెళ్లిపోతారు. తమ్ముడికి 800 డీపీఐలో మూడు మెట్లు పెట్టాం: ముందు 0.8, అంటే 20.4 సెం.మీ., తర్వాత 0.56, అంటే 29.2, చివరికి 0.42. ఒక్కో మెట్టు మీద వారం పది రోజులు. మొదటి మెట్టులో ఇంకా మణికట్టుతోనే ఆడొచ్చు, రెండో మెట్టుకి వచ్చేసరికి పెద్ద తిరుగుళ్లకి మోచేతి నుంచి చెయ్యి కదలడం దానంతటదే మొదలవుతుంది. ఈ మార్పు కోసమే మెట్లు.

39 అనేది అందరి అంకె కాదు. టేబుల్ ఇరుకైతే, లేదా రేజ్, జెట్‌లా ఎప్పుడూ అటూ ఇటూ గెంతుతూ ఆడేవాళ్లయితే 30 దగ్గర ఆగిపోవచ్చు. వాలరెంట్‌లో 25 కంటే తక్కువ, 70 కంటే ఎక్కువ ఉంటే మాత్రం ఒకసారి ఆలోచించాలి.

దాటిపోతోందా, చేరట్లేదా? ఎటు మార్చాలో ఎలా తెలుస్తుంది?

ప్రాక్టీస్ రేంజ్‌లో రెండు పనులు చేయండి.

మొదటిది, గోడ మీద ఒక చిన్న గుర్తు చూసుకుని దాని మీద క్రాస్‌హెయిర్ పెట్టి, `A`, `D` నొక్కుతూ ఎడమకీ కుడికీ నడవండి, క్రాస్‌హెయిర్ మాత్రం ఆ గుర్తు మీదే ఉండాలి. క్రాస్‌హెయిర్ గుర్తుకి అటూ ఇటూ వణుకుతూ గెంతుతుంటే సెన్సిటివిటీ ఎక్కువ. ఎప్పుడూ గుర్తు వెనకాలే ఈడ్చుకుంటూ వస్తుంటే తక్కువ. కాల్చే పని లేదు కాబట్టి కంగారు ఉండదు, చెయ్యి అసలు ఏం చేస్తోందో తేటగా కనపడుతుంది.

రెండోది, బాట్‌ల మీద. ఒక్కో బాట్‌కి ఒకే ఫ్లిక్, ఒకే బుల్లెట్, సరిచేసుకోవడం లేదు. తగలనివాటిని మాత్రమే చూడండి. తగలనివన్నీ బాట్‌ని దాటి అవతల పడుతుంటే సెన్సిటివిటీ పది శాతం తగ్గించండి, 0.42 అయితే 0.38. అన్నీ ఇవతలే ఆగుతుంటే పది శాతం పెంచండి. కొన్ని అవతల, కొన్ని ఇవతల పడుతుంటే సెన్సిటివిటీ తప్పు కాదు, అది ప్రాక్టీస్‌తో తగ్గాల్సిందే, అప్పుడు అంకె ముట్టుకోవద్దు. ఈ మూడో రకం వాళ్లే ఎక్కువ, సెట్టింగ్ ఊరికే మార్చేదీ వాళ్లే.

ఒక జాగ్రత్త. దాటిపోవడానికి కొన్నిసార్లు కారణం పట్టు. మౌస్‌ని గట్టిగా నొక్కి పట్టుకుంటే కదలిక మొదలవదు, మొదలైతే ఒక్కసారిగా గుంజుకుపోతుంది. రేంజ్‌లో బాగా తగులుతూ మ్యాచ్‌లో మాత్రమే దాటిపోతుంటే ముందు పట్టు వదులు చేసి చూడండి.

400, 800, 1600: ఏ డీపీఐ మంచిది?

సెం.మీ./360 మారనంతవరకు 800, 1600 రెండూ ఒకటే అనుకోండి. 800 దగ్గర 0.42, 1600 దగ్గర 0.21, చెయ్యికి తేడా తెలియదు. డీపీఐ ఎక్కువైతే చాలా నెమ్మదిగా మౌస్ కదిపినప్పుడు మొదటి కౌంట్ కొంచెం ముందు వెళ్తుంది, అంతే లాభం.

"తక్కువ డీపీఐ పెడితే పిక్సెల్స్ దాటేస్తుంది" అనే మాట చాలాచోట్ల వినపడుతుంది. కట్టి చూద్దాం. వాలరెంట్‌లో వ్యూ 103 డిగ్రీలు, 1920 పిక్సెళ్ల స్క్రీన్ మధ్యలో ఒక పిక్సెల్ అంటే సుమారు 0.075 డిగ్రీలు. 400 డీపీఐ, 0.84 సెన్సిటివిటీ పెట్టినా ఒక కౌంట్‌కి 0.059 డిగ్రీలే. అంటే 400లో కూడా ఒక్కో అడుగు పిక్సెల్ కంటే చిన్నదే. అదే 400 డీపీఐలో సెన్సిటివిటీ 2 పెట్టినవాళ్లకి అడుగు 0.14 డిగ్రీలు, అక్కడ నిజంగానే పిక్సెల్ దాటుతుంది.

పెట్టె మీద పాతిక వేల డీపీఐ అని రాసి ఉండటం చూసి మౌస్ కొనొద్దు. అంత పెడితే సెన్సిటివిటీని 0.01 దగ్గరికి తేవాలి, డెస్క్‌టాప్ మీద బాణం గుర్తు దొరకనే దొరకదు.

విండోస్‌లో ఏం మార్చాలి?

మౌస్ సెట్టింగ్స్‌లో `Additional mouse settings`, అందులో `Pointer Options`. అక్కడ `Enhance pointer precision` టిక్ తీసేయండి, పైనున్న స్లైడర్‌ని మధ్యలో, అంటే పదకొండు గీతల్లో ఆరో దాని మీద ఉంచండి. పేరులో ప్రెసిషన్ ఉంది గానీ అది చేసేది యాక్సిలరేషన్: ఒకే దూరం మౌస్‌ని మెల్లగా జరిపితే ఒకంత, వేగంగా జరిపితే ఇంకోటంత వెళ్తుంది. సీఎస్2, వాలరెంట్ మౌస్ నుంచి నేరుగా చదువుకుంటాయి కాబట్టి వాటికి దీనితో ఇబ్బంది లేదు, కానీ పాత గేములు కొన్ని విండోస్ ఇచ్చేదే తీసుకుంటాయి, అక్కడ దెబ్బ కొడుతుంది.

మౌస్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉంటే అందులో `Angle snapping`, యాక్సిలరేషన్ ఆపేయండి. పోలింగ్ రేట్ 1000 హెర్ట్జ్ పెట్టండి, 125లో ఉంటే మౌస్ ఎనిమిది మిల్లీసెకన్లకి ఒకసారి మాత్రమే కబురు పంపుతుంది.

సీఎస్2 నుంచి వాలరెంట్‌కి ఎలా మార్చాలి?

సీఎస్ అంకెని 3.18తో భాగిస్తే వాలరెంట్ అంకె. వాలరెంట్ నుంచి సీఎస్‌కి అయితే 3.18తో గుణించాలి. తమ్ముడి 0.42ని గుణిస్తే 1.34, సీఎస్2 కన్సోల్‌లో:

```
sensitivity 1.34
```

దూరం రెండిట్లోనూ 39 సెం.మీ. దగ్గరే ఉంటుంది. అయినా మొదట్లో కొంచెం వేరుగా అనిపిస్తే కంగారు పడొద్దు. 16:9 స్క్రీన్ మీద సీఎస్2 వ్యూ సుమారు 106 డిగ్రీలు, వాలరెంట్‌ది 103, పైగా నడిచే, ఆగే తీరు రెండిట్లో వేరు. సీఎస్‌లో 4:3 స్ట్రెచ్డ్ ఆడేవాళ్లకి బొమ్మ అడ్డంగా సాగుతుంది కాబట్టి పక్కలకి వేగం పెరిగినట్టు కనపడుతుంది, తిరిగే డిగ్రీలు మాత్రం మారవు. కంటికి వేగంగా కనపడుతోందని సెన్సిటివిటీ తగ్గించేస్తే చేతి లెక్క తప్పుతుంది.

ప్రొఫెషనల్ ప్లేయర్ల సెట్టింగ్ కాపీ కొడితే?

వాళ్ల అంకెలు చూడటంలో తప్పు లేదు. వాలరెంట్‌లో ఎక్కువమంది ఈడీపీఐ 200, 400 మధ్యలోనే ఉంటుంది, అంటే సుమారు 33 నుంచి 65 సెం.మీ. ఈ పరిధి తెలుసుకుంటే చాలు. వాళ్లలో ఒకరి కచ్చితమైన అంకె మీకు నప్పాలంటే మ్యాట్, టేబుల్ ఎత్తు, చెయ్యి పొడవు కూడా కలవాలి.

నిన్న బ్రహ్మాండంగా తగిలాయి, ఇవాళ చెయ్యి పరాయిదిలా ఉంది. ఎందుకు?

సెట్టింగ్ మార్చే ముందు, అసలు సెట్టింగ్ మారిందో లేదో తేల్చుకోండి. దానికి ఒక కాగితం ముక్క చాలు. మీ సగం చుట్టు దూరం ఎంతో అంత పొడవు కత్తిరించుకోండి, తమ్ముడికైతే 19.4 సెం.మీ. రేంజ్‌లో ఒక తలుపు అంచు మీద క్రాస్‌హెయిర్ పెట్టి, కాగితం పక్కనే మౌస్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి జరపండి, ఎత్తి మొదటికి తెచ్చి ఇంకోసారి జరపండి. క్రాస్‌హెయిర్ మళ్లీ అదే తలుపు అంచు మీదికి రావాలి. వస్తే మౌస్‌లో తేడా లేదు. సగం చుట్టే తిరిగితే డీపీఐ 400కి పడిపోయింది, రెండు చుట్లు తిరిగితే 1600కి ఎక్కింది. మౌస్ పైన డీపీఐ బటన్ ఉన్నవాళ్లకి ఇది తరచూ జరుగుతుంది, తుడుస్తున్నప్పుడో, చెయ్యి తగిలో మారిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఆ బటన్‌ని పనిచేయకుండా చేసుకోగలిగితే చేసేయండి.

చుట్టు పూర్తయ్యాక అంచుకి కాస్త ఇటో అటో ఆగితే అది వేరే సంగతి. మౌస్ మీద 800 అని ఉన్నా లోపల సెన్సర్ కొన్ని శాతం అటూ ఇటూ ఉండటం మామూలే. కొత్త మౌస్ కొన్నప్పుడు అదే అంకెలు పెట్టినా తేడాగా ఉందని చాలామంది అనేది ఇందుకే. పాత మౌస్‌తో చేసిన కాగితంతోనే కొత్తదాన్ని కొలవండి. పూర్తి చుట్టుకి ఇరవై డిగ్రీలు ఎక్కువ తిరిగితే సుమారు ఐదున్నర శాతం ఎక్కువ, సెన్సిటివిటీ అంత తగ్గించండి, 0.42 కాస్తా 0.398 అవుతుంది.

కాగితం పరీక్షలో అంతా సరిగ్గా ఉందా? అప్పుడు మ్యాట్ చూడండి. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి తీరం ఊళ్లలో ఉన్నవాళ్లకి ఇది బాగా తెలిసిన బాధ. ఉక్కపోత రోజుల్లో క్లాత్ మ్యాట్ తేమ పీల్చుకుని బరువుగా లాగుతుంది, ముంజేతికి చెమట పట్టి మ్యాట్‌కి అతుక్కుంటుంది. డిగ్రీలు అవే, కానీ కదలిక మొదలవడానికి ఎక్కువ బలం కావాలి, అందుకే ఫ్లిక్‌లు ముందే ఆగిపోతాయి. సెన్సిటివిటీ పెంచితే సాయంత్రం ఏసీ వేశాక అదే దాటిపోతుంది. ముంజేతికి పల్చటి స్లీవ్ వేసుకోండి, లేదా పాత సాక్సు కోసి తొడుక్కోండి. మ్యాట్‌ని గోరువెచ్చని నీళ్లలో కొంచెం షాంపూతో కడిగి, పిండకుండా, నీడలో పూర్తిగా ఆరనివ్వండి, పైకి పొడిగా ఉన్నా లోపలి రబ్బరు దగ్గర తడి ఉంటుంది కాబట్టి ఒక రోజైనా వదిలేయాలి. మౌస్ అడుగున ఉండే స్కేట్స్ చుట్టూ పేరుకున్న మురికి టూత్‌పిక్‌తో తీసేయండి.

ఆ తర్వాత కుర్చీ. ఇంట్లో ఇంకెవరైనా కూర్చుని ఎత్తు మార్చితే మోచెయ్యి టేబుల్‌కి తగిలే చోటు మారుతుంది, చెయ్యి తిరిగే చోటు మారితే అలవాటైన దూరం కూడా మారినట్టే అనిపిస్తుంది. టేబుల్ కింద కుర్చీ హ్యాండిల్ ఎక్కడికి వస్తుందో ఒక టేపు ముక్క అంటించి పెట్టుకుంటే పది సెకన్లలో సరిచేసుకోవచ్చు.

ఇంకా తేడాగా ఉంటే ఎఫ్‌పీఎస్ చూడండి. ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టకుండా ఆడినా, వేడెక్కినా ఫ్రేములు సగానికి పడిపోతాయి, మౌస్ కదిలాక బొమ్మ ఆలస్యంగా కదులుతుంది. అది చేతికి తక్కువ సెన్సిటివిటీలా అనిపిస్తుంది, కానీ అది సెన్సిటివిటీ కాదు.

గేమింగ్ సెంటర్‌లో ఆడతాను, ప్రతిసారీ వేరే మౌస్. ఏం చేయాలి?

వాలరెంట్‌లో సెన్సిటివిటీ మీ అకౌంట్‌తో పాటే వస్తుంది, డీపీఐ మాత్రం అక్కడి మౌస్‌ది. ఇందాకటి కాగితాన్ని పర్సులో పెట్టుకోండి. కూర్చోగానే రేంజ్‌లోకి వెళ్లి కొలవండి, ఎక్కువ తిరిగితే ఆ నిష్పత్తిలో తగ్గించండి, తక్కువైతే పెంచండి. రెండు నిమిషాల పని. వీలైతే మీ సొంత మౌస్ పట్టుకెళ్లడం ఇంకా మేలు, ఎందుకంటే డీపీఐ సరిచేసుకోగలం గానీ మౌస్ ఆకారం, బరువు సరిచేసుకోలేం.

స్కోప్ సెన్సిటివిటీ కూడా మార్చాలా?

ఆపరేటర్, ఏడబ్ల్యూపీ ఎక్కువ వాడనివాళ్లు ముట్టుకోనక్కర్లేదు, రెండు గేముల్లోనూ 1 వదిలేయండి. సీఎస్2లో ఏడబ్ల్యూపీతోనే ఆడేవాళ్లకి, స్కోప్‌లో క్రాస్‌హెయిర్ దగ్గర బొమ్మ కదిలే వేగం మామూలు వ్యూలో ఉన్నట్టే ఉండాలంటే ఇది వాడతారు:

```
zoom_sensitivity_ratio 0.818933
```

దీన్ని కూడా మామూలు సెన్సిటివిటీ కుదురుకున్నాకే పెట్టండి. రెండూ ఒకేసారి మారిస్తే, తగలనప్పుడు ఏది కారణమో తేల్చుకోలేరు.